సంస్కృతంలో మాట్లాడితే సీతమ్మ భయపడుతుంది

(విజయనగరంలో శ్రీరామనవమి ప్రసంగాల్లో రెండో రోజు మాట ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవారు అడిగారు కాబట్టి రికార్డింగు విని రాసిపెట్టాం.)

అమ్మలకూ అయ్యలకూ నమస్కారం. వెనకాల కూర్చున్నవారికి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు సరిచేయిద్దాం. సరే.

నిన్న ప్రసంగం అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చింది. రామతీర్థం వైపు పల్లె వాళ్ళది. చదువుకోలేదు, కానీ హరికథలు విని విని రామాయణం అంతా నోటికొచ్చు. ఆవిడ అడిగింది. "ఏటి బాబూ, ఆ రావణాసురుడు అంత సదువుకున్నోడంటారు. ఏదాలు సదివినోడంటారు. మరి అంత సదివినోడికి పరాయి ఆడదాన్ని ఎత్తుకు రాకూడదని ఆ పాటి తెలీదేటి?" అంది. నేను జవాబు చెప్పబోయాను. నోరు తెరిచి ఆగిపోయాను. "అమ్మా, రేపు రా, రేపు దాని మీదే చెప్తాను" అన్నాను. వచ్చావా అమ్మా? ఆఁ, అక్కడ ఉంది. మంచిది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆవిడ ప్రశ్నకే.

ముందుగా ఒక మాట. రావణుడి చదువు గురించి మనకు తెలిసినవి చాలా ఉన్నాయి. పది తలలంటే నాలుగు వేదాలూ ఆరు శాస్త్రాలూ అంటారు. చనిపోయేటప్పుడు లక్ష్మణుడికి రాజనీతి బోధించాడంటారు. పేగులు తీసి వీణకు తీగలు కట్టాడంటారు, సినిమాల్లో చూసి చెమ్మగిల్లిన కళ్ళు మనవి. ఇవన్నీ అందమైనవే. జనం రావణుణ్ణి ప్రేమించి అల్లుకున్నవి. కానీ వాల్మీకి రామాయణంలో వెతికితే పది తలలకు ఆ అర్థం కనబడదు, లక్ష్మణుడి పాఠం కనబడదు. నేను ఇవాళ వాల్మీకి చెప్పిన రావణుణ్ణే చూపిస్తాను. ఎందుకంటే ఆ పెద్దావిడ ప్రశ్న వాల్మీకికి కూడా వచ్చింది. ఆయన దానికి జవాబు చెప్పాడు. ఒక్కచోట కాదు, కథ పొడుగునా చెప్పాడు.

సుందరకాండ మీలో చాలామంది పారాయణ చేస్తారు. ముప్ఫయ్యో సర్గ గుర్తు తెచ్చుకోండి. హనుమంతుడు శింశుపా వృక్షం మీద ఆకుల చాటున కూర్చున్నాడు. కింద సీతమ్మ ఉంది. రావణుడు వచ్చి బెదిరించి వెళ్ళిపోయాడు. రాక్షస స్త్రీలు భయపెడుతున్నారు. ఇప్పుడు హనుమ ఆమెతో మాట్లాడాలి. ఎలా మాట్లాడాలి? అదీ ఆయన సమస్య. సముద్రం దాటడం కంటే పెద్ద సమస్య. అప్పుడు తనలో తాను అనుకుంటాడు:

యది వాచం ప్రదాస్యామి ద్విజాతిరివ సంస్కృతామ్
రావణం మన్యమానా మాం సీతా భీతా భవిష్యతి

అర్థం చెప్తాను. ద్విజుడిలాగా సంస్కృత భాషలో నేను మాట్లాడితే, నన్ను రావణుడనుకుని సీత భయపడుతుంది.

మళ్ళీ చదవమంటారా? సంస్కృతంలో మాట్లాడితే, నన్ను రావణుడనుకుని, సీత భయపడుతుంది.

ఈ శ్లోకాన్ని మనం పారాయణలో గబగబా దాటేస్తాం. నేను కూడా చాలా ఏళ్ళు దాటేశాను. ఒక్కసారి ఆగి చూడండి. సంస్కృతం అంటే ఏమిటి? వేదం భాష, శాస్త్రం భాష, సంస్కారం ఉన్నవాడి భాష. మన ఊళ్ళో ఇవాళ్టికీ ఒకాయన తడబడకుండా నాలుగు శ్లోకాలు చదివితే "పండితుడండీ" అని లేచి కుర్చీ ఇస్తాం. అలాంటి భాష చెవిన పడితే జనకుడి కూతురు, ఆ భాషలోనే పుట్టి పెరిగిన పిల్ల, వణికిపోతుందట. ఎందుకు? లంకలో ఆమె దగ్గరికొచ్చి అంత చక్కగా మాట్లాడేవాడు ఒక్కడే అని ఆమెకు తెలుసు. వాడే ఆమెను ఎత్తుకొచ్చినవాడు.

హనుమ ఏం చేశాడు? మానుషం వాక్యం, అంటే మామూలు మనుషులు మాట్లాడుకునే మాట ఎంచుకున్నాడు. కోసల దేశంలో జనం మాట్లాడే మాట అని వ్యాఖ్యాత గోవిందరాజు చెప్పాడు. అంటే సీతమ్మకు అత్తవారింటి మాట. అత్తగార్లు, మరుదులు, అంతఃపురంలో దాసీలు మాట్లాడిన మాట. ఆ మాటలో రాముడి కథ మెల్లగా మొదలుపెట్టాడు. కొమ్మ మీంచి ఆ మాట వినబడితే ఆమెకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

అయితే ఇది హనుమ ఊహ మాత్రమేనా, లేక ఆమె భయం నిజమేనా? నిజమే. నాలుగు సర్గలు పోయాక సీతే చెప్తుంది. హనుమ ఎదురుగా వచ్చి నిలబడ్డాక కూడా ఆమె నమ్మలేదు. తన రూపం వదిలి పరివ్రాజకుడి రూపంలో జనస్థానంలో నాకు కనబడినవాడివి నువ్వే, ఆ రావణుడివే నువ్వు అంటుంది. చూశారా, ఆమె మనసు ఎక్కడికి పోయిందో? పంచవటికి పోయింది. మనమూ అక్కడికే పోదాం.

అరణ్యకాండ, నలభై ఆరో సర్గ. రాముడు లేడి వెనకాల వెళ్ళాడు, లక్ష్మణుడు రాముడి కోసం వెళ్ళాడు. పర్ణశాలలో సీత ఒక్కతే ఉంది. రావణుడు వచ్చాడు. ఎలా వచ్చాడు? మన వీధి నాటకాల్లో అయితే చిప్ప పట్టుకుని "భవతి భిక్షాం దేహి" అని వస్తాడు. వాల్మీకి ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పాడు. మెత్తటి కాషాయం కట్టాడు. శిఖ ఉంది. గొడుగు ఉంది. కాళ్ళకు పాదరక్షలున్నాయి. ఎడమ భుజాన కర్ర, కమండలం. ఆపైన? బ్రహ్మఘోషం ఉదీరయన్. వేదం చదువుతూ వచ్చాడు.

ఇక్కడ కొంచెం నిదానంగా పోదాం. వేషం అంటే బట్ట. కాషాయం ఎవడైనా కట్టుకోవచ్చు, కమండలం ఎవడైనా పట్టుకోవచ్చు. స్వరం తప్పకుండా వేదం చదవడం మాత్రం ఎవడికిబడితే వాడికి రాదు. ఏళ్ళ తరబడి గురువు దగ్గర కూర్చుంటే గాని ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం నోటికి పట్టవు. సీత జనకుడి సభలో వేదం విన్న పిల్ల. తప్పు చదివితే పట్టేసి ఉండేది. పట్టలేదు. తప్పు లేదు కాబట్టి! వాడి మీద కట్టిన బట్ట అబద్ధం, చేతిలో కమండలం అబద్ధం, నోట్లో వేదం మాత్రం నిజం. ఆ ఒక్క నిజమే మిగతా అబద్ధాలన్నిటికీ సాక్ష్యం చెప్పింది.

అందుకే సీత లోపలికి పొమ్మనలేదు. పీట వేసింది, కాళ్ళకు నీళ్ళిచ్చింది, ఫలాలు పెట్టింది. వాడు "నువ్వెవరు" అని అడిగితే, బ్రాహ్మణుడు, పైగా అతిథి, జవాబు చెప్పకపోతే శపిస్తాడేమోనని ఒక్క క్షణం ఆలోచించి తన కథంతా చెప్పింది. పుట్టినిల్లు, మెట్టినిల్లు, అన్నీ చెప్పింది. ఆమె చేసింది తప్పా? మీ ఇంటికి పంచెకట్టుతో ఒక పెద్దాయన వేదం చదువుతూ వస్తే మీరేం చేస్తారు? అదే చేస్తారు. ఆమె చదువుకు ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చింది. వాడు ఆ మర్యాదనే తలుపుగా చేసుకుని లోపలికొచ్చాడు.

ఇప్పుడు అర్థమైందా, కొమ్మ మీద హనుమ ఎందుకు సంస్కృతం మాట్లాడలేకపోయాడో? రావణుడు ఎత్తుకుపోయింది సీతను ఒక్కదాన్నే కాదు. ఆ భాష మీద ఆమెకున్న నమ్మకాన్ని కూడా ఎత్తుకుపోయాడు. ఇదీ వాల్మీకి కథ కట్టిన తీరు. రావణుడు మూర్ఖుడైతే ఈ అపహరణం జరిగేదే కాదు. ఊరికే బలవంతుడైతే విరాధుడిలా వచ్చి పట్టుకుంటాడు, అదొక యుద్ధం. రావణుడికి అతని చదువే పనిముట్టు అయింది.

అమ్మా, నువ్వు అడిగింది "తెలీదేటి" అని కదా. ఇంకా దానికి రాలేదు నేను. వస్తున్నాను.

మనకో సామెత ఉంది, చదవేస్తే ఉన్న మతి పోయిందని. చాలామంది రావణుడికి ఇది అంటగడతారు. నాకు ఒప్పుదల కాదు. రావణుడి మతి ఎక్కడికీ పోలేదు. లంకలో చదువు కూడా ఎప్పుడూ ఆగలేదు. సుందరకాండ పద్ధెనిమిదో సర్గ చూడండి. తెల్లవారబోతోంది, రాత్రి ఇంకా కొంచెం మిగిలి ఉంది. హనుమ చెట్టు మీద ఉన్నాడు. ఏం వినబడింది ఆయనకు? ఆరంగాలతో వేదం తెలిసినవాళ్ళు, గొప్ప క్రతువులు చేసినవాళ్ళు, ఆ బ్రహ్మరాక్షసుల నోట బ్రహ్మఘోషం వినబడింది. లంకలో! మన రామతీర్థం గుళ్ళో సుప్రభాత వేళ ఎలా ఉంటుందో, అలా ఉంది లంకలో ఆ వేళ. ఆ తర్వాత మంగళ వాద్యాలు మోగాయి. రావణుడు నిద్ర లేచాడు. పూలమాల జారి, బట్ట జారి ఉన్నాడు. లేవగానే ఏం చేశాడు? సంధ్య వార్చాడా? వైదేహీమ్ అన్వచింతయత్. సీతను తలుచుకున్నాడు.

రెండు శ్లోకాలు దాదాపు వెంటవెంటనే పెట్టాడు కవి. ఒకదాంట్లో వేదం వినబడుతోంది, ఇంకోదాంట్లో వీడు పరస్త్రీని తలుచుకుంటున్నాడు. ఒకదాన్నొకటి ఆపలేదు. వేదం ఆగిపోలేదు, వాడి తలపూ ఆగలేదు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే తెల్లవారుజామున ఉన్నాయి. కవి దీని మీద ఒక్క వ్యాఖ్యానం చెయ్యలేదు. పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు.

ఆ కాసేపటికే అశోకవనంలో సీత, గడ్డిపరక అడ్డం పెట్టుకుని, వాడికి చెప్తుంది. ఇక్కడ మంచివాళ్ళు లేరా, ఉన్నా నువ్వు వాళ్ళ దారిన నడవవా, నీ బుద్ధి తిరగబడింది, అది ఆచారవర్జితం అంటుంది. ఈ మాట పట్టుకోండి. నీకు బుద్ధి లేదనలేదు. నీకు చదువు లేదనలేదు. బుద్ధి ఉంది, దానికి ఆచారం లేదంది. ఆచారం అంటే ఇవాళ మనం అనుకునే మడి, మైల కాదు. ఆచరించడం. తెలిసినదాన్ని చెయ్యడం. పెద్దావిడ ప్రశ్నకు సీతమ్మ జవాబు ఇది. తెలుసు, చెయ్యడు.

హనుమ సంగతి చూద్దాం. బ్రహ్మాస్త్రానికి కట్టుబడి సభకు వచ్చాడు. తోక తగలబెట్టే ముందు మాట. రావణుణ్ణి మొదటిసారి నిండు సభలో చూశాడు. శత్రువును చూస్తున్నాడు, కట్లతో ఉన్నాడు. ఏమనుకున్నాడు? అహో రూపం, అహో ధైర్యం, అహో సత్త్వం, అహో ద్యుతి. ఏం రూపం, ఏం ధైర్యం! ఆపైన అన్నాడు: ఇతనిలో అధర్మం అంత బలంగా లేకపోతే, ఇంద్రుడితో సహా దేవలోకాన్ని రక్షించగలవాడు ఇతను.

యద్యధర్మో న బలవాన్. అధర్మం బలమైనది కాకపోయి ఉంటే. చూడండి, హనుమ రావణుణ్ణి తూకం వేస్తున్నాడు. ఒక తక్కెట్లో రూపం, ధైర్యం, తేజస్సు, చదువు అన్నీ ఉన్నాయి. రెండో తక్కెట్లో ఒకటే ఉంది. అదొక్కటే బరువైంది. అందుకే ఆ తర్వాత నోరు తెరిచి మాట్లాడినప్పుడు తిట్టలేదు. మహాప్రాజ్ఞా అని పిలిచాడు. ధర్మార్థాలు ఎరిగినవాడివి, తపస్సు చేసినవాడివి, పరుల భార్యను నిర్బంధించడం నీకు తగదు అన్నాడు. చదువు లేనివాడికి చెప్పే మాటేనా ఇది? నీకు తెలుసు, నీకు తెలిసిందే గుర్తు చేస్తున్నాను అని చెప్పడం. కానీ రావణుడు ఏమన్నాడు? చంపండి వీణ్ణి అన్నాడు. విభీషణుడు అడ్డుపడి, దూతను చంపకూడదు అని శాస్త్రం చెప్తే ఒప్పుకున్నాడు. శాస్త్రం మాట విన్నాడండీ! దూత విషయంలో విన్నాడు. సీత విషయంలో వినలేదు.

దీనికి ఇంకా గట్టి ఉదాహరణ యుద్ధకాండలో ఉంది. ఇది ఎక్కువమంది చెప్పుకోరు, అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్తాను. ఇంద్రజిత్తు చనిపోయాడు. రావణుడికి కొడుకంటే ప్రాణం. పుత్రశోకం, దాని మీద కోపం. ఈ గొడవంతటికీ మూలం సీత అని కత్తి దూసి అశోకవనానికి పరిగెత్తాడు, నరికేద్దామని. మంత్రులు వెనకాల పరిగెత్తారు. ఆపగలవాడు ఎవడు? సుపార్శ్వుడనే మంత్రి ముందుకొచ్చాడు. వాడేమన్నాడో వినండి. నువ్వు సాక్షాత్తు కుబేరుడి తమ్ముడివి. వేదవిద్యావ్రతస్నాతుడివి. అంటే వేదం చదివి, వ్రతం ముగించి, స్నాతకం చేసుకున్నవాడివి. నీ కర్మలు వదలకుండా చేసుకునేవాడివి. అలాంటివాడివి ఆడదాన్ని చంపాలని ఎలా అనుకుంటున్నావు?

రావణుడు ఆగాడు! కత్తి దించాడు. ఇంటికి తిరిగి వెళ్ళాడు.

నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా గుండె ఆగినట్టవుతుంది. ఎందుకంటే ఇక్కడ చదువు పని చేసింది. ఇక్కడ రావణుడి చెయ్యి ఆపింది అతని చదువే. నువ్వు స్నాతకుడివి అన్న ఒక్క మాట అంత కోపాన్ని దించింది. కాబట్టి చదువు ఒట్టిదే, అతనికి అంటలేదు అనడానికి వీల్లేదు. అంటింది. లోతుగానే అంటింది.

మరి ఎంతవరకు అంటింది? సుపార్శ్వుడి మాట అక్కడితో అయిపోలేదు. ఇవాళ కృష్ణపక్ష చతుర్దశి, సన్నాహం చేసుకో, రేపు అమావాస్యనాడు సైన్యంతో బయల్దేరు, రాముణ్ణి చంపు, అప్పుడు మైథిలి నీకు దక్కుతుంది అన్నాడు. ఇదీ అసలు కీలకం. చంపకు అన్నాడు, వదిలెయ్యమనలేదు. చదువును అడ్డం పెట్టి స్త్రీహత్య ఆపాడు, కోరికను మాత్రం తిథి చూసి మరునాటికి ముహూర్తం పెట్టాడు. రావణుడికి ఆ సలహా నచ్చింది. ఎందుకు నచ్చదు? తను చదివిన శాస్త్రానికి మర్యాద దక్కింది, తన కోరికా చెక్కుచెదరలేదు. అప్పటికి ఎంతమంది సీతను తిరిగి ఇచ్చెయ్యమని చెప్పారు! మారీచుడు మొదట్లోనే వద్దన్నాడు. విభీషణుడు చెప్పాడు, తాత మాల్యవంతుడు చెప్పాడు. వాళ్ళందరూ కూడా ధర్మం పేరే చెప్పారు. వాళ్ళ మాట ఒక్కటీ ఎక్కలేదు. వాళ్ళు కోరికనే వదలమన్నారు కాబట్టి.

అంటే రావణుడు శాస్త్రాన్ని వినడు అని కాదండీ. తన కోరికకు అడ్డు రానంతవరకు వింటాడు. ఆ గీత దాటి వచ్చే శాస్త్రాన్ని బయటే నిలబెడతాడు.

ఆఁ, ఎవరో అడుగుతున్నారు. వరాల సంగతా? మంచి మాట అడిగారు, క్లుప్తంగా చెప్తాను. ఉత్తరకాండలో ఉంది అది. ఉత్తరకాండ తర్వాత చేరిందని చాలామంది పండితులు అంటారు, అందుకే నేను దాని మీద ఇల్లు కట్టలేదు. కానీ ఆ కథ కట్టినవాడికి కూడా ఈ ముడి తెలుసు. ఒకే తండ్రి, విశ్రవసుడు. ఒకే తల్లి, కైకసి. అన్నదమ్ములు ఒకేచోట తపస్సు చేశారు. రావణుడు వెయ్యేళ్ళకొక తల చొప్పున తొమ్మిది తలలు అగ్నిలో వేశాడు. పదో తల నరుక్కోబోతుంటే బ్రహ్మ వచ్చాడు. రావణుడు అమరత్వం అడిగాడు. అది కుదరదన్నాడు బ్రహ్మ. అయితే దేవతల చేత, దానవుల చేత, ఇంకా ఫలానా ఫలానావాళ్ళ చేత చావు వద్దన్నాడు. మనుషులు గడ్డిపరకలు, వాళ్ళ సంగతి అక్కర్లేదన్నాడు. విభీషణుడు ఏమడిగాడు? ఎంత పెద్ద ఆపదలో ఉన్నా నా బుద్ధి ధర్మంలోనే ఉండాలి అన్నాడు. బ్రహ్మ సంతోషించి, అడగకుండానే అతనికి అమరత్వం ఇచ్చాడు. అన్న అడిగి పొందనిది తమ్ముడికి అడక్కుండా వచ్చింది. రావణుడు తపస్సుతో సంపాదించిందంతా బయట ఎవరి నుంచి కాపాడుకోవాలనే. లోపల నుంచి వచ్చేదాని గురించి వరం అడగలేదు.

ఈ మాటే మండోదరి కూడా అంటుంది. యుద్ధభూమిలో శవం మీద పడి ఏడుస్తోంది. పట్టపురాణి, భర్తను ప్రేమించిన ఇల్లాలు. ఏడుస్తూ ఏమంటుంది?

ఇంద్రియాణి పురా జిత్వా జితం త్రిభువనం త్వయా
స్మరద్భిరివ తద్వైరమింద్రియైరేవ నిర్జితః

ముందు నువ్వు ఇంద్రియాలను గెలిచావు, అలా మూడు లోకాలూ గెలిచావు. ఆ పగ గుర్తు పెట్టుకున్నట్టుగా ఆ ఇంద్రియాలే నిన్ను గెలిచాయి.

ఇంతకంటే బాగా ఎవరైనా చెప్పగలరా? నిన్ను రాముడు చంపాడనలేదు. పగబట్టిన శత్రువులు నీలోనే ఉన్నారంది. తపస్సు చేసిన రోజుల్లో ఆకలి, నిద్ర, కోరిక అన్నిటినీ అణిచేశాడు కదా, అణిచిపెట్టినవాటికి కూడా జ్ఞాపకం ఉంటుందంటోంది ఆ తల్లి. తపస్సూ నిజం, పతనమూ నిజం. రెండూ ఒకే శత్రువుతో చేసిన రెండు యుద్ధాలు. మొదటిది గెలిచాడు, రెండోది ఓడాడు.

ఇప్పుడు చివరి ఘట్టం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అసలు ఇదే. ఇదీ యుద్ధకాండలోదే. అచ్చుప్రతిని బట్టి సర్గ సంఖ్యలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, నూట తొమ్మిది, నూట పదకొండు అనుకోండి.

రావణుడు పడిపోయాడు. విభీషణుడు అన్న శవం చూశాడు. ఈ విభీషణుడే అన్నను వదిలి వచ్చినవాడు. ఈ విభీషణుడే యుద్ధంలో రాముడి పక్కన నిలబడి లంక గుట్లు చెప్పినవాడు. ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఏమని ఏడుస్తున్నాడు? నీతిమంతులకు సేతువు పోయింది, ధర్మానికి విగ్రహం పోయింది, సూర్యుడు నేల మీద పడ్డాడు అంటున్నాడు. ధర్మానికి విగ్రహం! అరణ్యకాండలో మారీచుడు రాముణ్ణి అన్న మాట అది, రామో విగ్రహవాన్ ధర్మః అని. తమ్ముడు దాన్ని అన్న శవం మీద పెట్టాడు. ఇంకా అంటాడు. ఇతను అగ్నిహోత్రం నిలుపుకున్న ఆహితాగ్ని, మహాతపస్వి, వేదం అంతు చూసిన వేదాంతగుడు, కర్మల్లో శూరుడు, ఇతని ప్రేతకార్యం నేను చేస్తాను, నీ అనుమతి కావాలి అని రాముణ్ణి అడుగుతాడు.

రాముడు ఒప్పుకుంటాడు. మరణంతో వైరాలు ముగుస్తాయి, మన పని అయింది, సంస్కారం చెయ్యి, నీకెలాగో నాకూ ఇతను అలాగే అంటాడు.

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు కథ. చచ్చినవాడి గురించి మంచే మాట్లాడాలి కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ రెండు సర్గల తర్వాత, మండోదరి ఏడుపు అయ్యాక, రాముడు దహనం చేయించమంటే ఈ విభీషణుడే వెనక్కి తగ్గుతాడు. ధర్మవ్రతం వదిలేసినవాడు, క్రూరుడు, అబద్ధాలాడేవాడు, పరుల భార్యను ముట్టుకున్నవాడు, వీడికి సంస్కారం చెయ్యడం నాకు తగదు అంటాడు.

ఒకే నోరు. ఒకే పగలు. ఒకే శవం. ముందు వేదాంతగుడు అన్నాడు, తర్వాత ధర్మం వదిలినవాడు అన్నాడు. ఏది నిజం? మొదటి మాట శోకంలో అన్నాడనీ, రెండోది జనం ఏమంటారోనని భయపడి అన్నాడనీ చెప్పేవారున్నారు. మనిషి కాబట్టి అది కూడా ఉంటుంది. కానీ కవి ఈ రెండు మాటల్లో ఒకదాన్ని తీసెయ్యలేదు. తీసెయ్యాలనుకుంటే ఎంతసేపు? మొదటిదే ఉంచితే రావణుడు దురదృష్టవంతుడైన మహానుభావుడు అయిపోతాడు, రెండోదే ఉంచితే దసరాకి తగలబెట్టే బొమ్మ అవుతాడు. రెండూ ఉంచి, రెండూ తమ్ముడి చేతే చెప్పించాడు. రావణుణ్ణి ఎక్కువ ఎరిగినవాడు ఎవడు? తోడబుట్టినవాడు. ఒకే కొట్టాంలో వేదం చదివినవాడు. వాడికి అన్న చదువు ఎంత నిజమో తెలుసు, అన్న చేసింది ఎంత నిజమో తెలుసు. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయలేకపోయాడు.

రాముడు దానికేమన్నాడు? విభీషణుడి రెండో మాట తప్పనలేదు. కాదు కాదు, మంచివాడే అనలేదు. వీడు అధర్మంతో, అసత్యంతో కూడినవాడే, కావచ్చు అన్నాడు. అయినా తేజస్వి, బలవంతుడు, శూరుడు అన్నాడు. ఆపైన మొదట చెప్పిన శ్లోకమే మళ్ళీ చెప్పాడు. అక్షరం మార్చకుండా. మరణాంతాని వైరాణి. నీకెలాగో నాకూ అలాగే.

అప్పుడు విభీషణుడు లేచాడు. లంకలోకి వెళ్ళి అన్న అగ్నిహోత్రం బయటికి తెప్పించాడు. ఆహితాగ్నికి దహనం ఊరికే కట్టెలు పేర్చి నిప్పు పెట్టడం కాదు. బతికున్నన్నాళ్ళూ ఏ పాత్రలతో హోమం చేశాడో ఆ పాత్రలను ఒంటి మీద ఏ అంగం దగ్గర పెట్టాలో అక్కడ పెట్టాలి. మన వైపు కూడా అగ్నిహోత్రులు పోతే అలాగే చేసేవారు, పెద్దవాళ్ళు చూసి ఉంటారు. వాల్మీకి అది కూడా వదల్లేదు. చందనం కట్టెలు పేర్చారు. పెరుగూ నెయ్యీ కలిపి నింపిన స్రువాన్ని, అంటే హోమం చేసే గరిటెను, భుజం మీద పెట్టారు. కాళ్ళ దగ్గర శకటం పెట్టారు. తొడల మధ్య రోలు పెట్టారు. కట్టె పాత్రలన్నీ, నిప్పు చిలికే అరణి, పై అరణి, రోకలి, వేటి చోట వాటిని పెట్టారు.

సీతమ్మ వాకిట్లో వేదం చదివిన మనిషిని, ఆ వేదంతోనే సాగనంపారు. విభీషణుడు శాస్త్రప్రకారం నిప్పు పెట్టాడు. స్నానం చేసి, తడిబట్టలతో, దర్భలు కలిపిన నువ్వులూ నీళ్ళూ అన్నకు వదిలాడు.